చీర రంగు మారాలి, ముఖం మారకూడదు

షూటింగ్ అయిపోయింది. సెట్ విప్పేశారు. ఎడిటింగ్‌లో పెళ్లి సన్నివేశం చూస్తున్నప్పుడు దర్శకుడికి ఒక సంగతి కంట్లో పడింది. పెళ్లికూతురు అక్క పాత్ర వేసిన నటి చిలకపచ్చ చీర కట్టుకుంది. వెనకాల అరటిచెట్లు, పైన మామిడి తోరణం. మనిషి ఆకుల్లో కలిసిపోయింది. ఆ చీర వంకాయ రంగులో ఉంటే బాగుండేదనిపిస్తుంది. మళ్లీ షూట్ చేసే వీల్లేదు కాబట్టి, తెలుగు సినిమావాళ్ల నోట తరచూ వినిపించే మాటే ఇక్కడా వినిపిస్తుంది: "డీఐలో మార్చేద్దాం."

డీఐ అంటే ఎడిటింగ్ పూర్తయిన సినిమాకి షాట్ షాట్‌గా రంగు, వెలుగు సరిదిద్దే దశ. ఆ పని చేసేవాళ్లు కలరిస్టులు. వాళ్ల పనిలో రెండు అంచెలున్నాయి. ఫ్రేము మొత్తానికి వెలుగు, రంగు సరిచేయడం ప్రైమరీ కరెక్షన్. ఫ్రేములో ఏదో ఒక రంగునో, ఒక భాగాన్నో పట్టుకుని దాన్ని మాత్రమే మార్చడం సెకండరీ కరెక్షన్. చీర రంగు మార్చడం ఈ రెండో అంచె పని. డావిన్చీ రిజాల్వ్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఇందుకు కావలసిన పనిముట్లు ఉచితంగా దొరికే వెర్షన్‌లోనే ఉన్నాయి కాబట్టి, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చిన్న స్టూడియోల్లో కూడా ఈ పని జరుగుతోంది.

చీర మార్చమని అడిగితే అనుభవమున్న కలరిస్టు ముందు చూసేది ముఖాన్ని. ఆ చీర రంగుకీ ఆ చర్మం రంగుకీ మధ్య ఎడమెంతో తేలితే, పని గంటలో అవుతుందా, రోజులు పడుతుందా, అసలు కుదరదా అన్నది చాలావరకు అక్కడే తేలిపోతుంది.

ఆ ఎడాన్ని కొలిచే పరికరం వెక్టర్‌స్కోప్. తెర మీద ఒక గుండ్రటి పటం కనిపిస్తుంది. ఫ్రేములోని ప్రతి బిందువూ దాని రంగును బట్టి ఆ పటంలో ఒకచోట పడుతుంది. నడిమధ్యలో రంగు లేని తెలుపు, నలుపు, బూడిద ఉంటాయి. రంగు చిక్కనయ్యేకొద్దీ చుక్క నడుమ నుంచి అంచు వైపు జరుగుతుంది. ఏ దిక్కుకు జరుగుతుందన్నది ఏ రంగు అనేదాన్ని చెబుతుంది. దీన్ని గోడ గడియారంలా ఊహించుకుంటే ఎరుపు పదకొండున్నర దగ్గర, పసుపు తొమ్మిదిన్నర దగ్గర, ఆకుపచ్చ ఏడు దగ్గర, నీలం మూడున్నర దగ్గర ఉంటాయి. రాణి రంగు పన్నెండుకీ ఒంటిగంటకీ మధ్య వస్తుంది.

మనిషి చర్మం పదకొండు దగ్గర ఉంటుంది. ఎవరి చర్మమైనా దాదాపు అక్కడే. మనం తెలుపు, చామనచాయ, నలుపు అని చెప్పుకునే తేడాలన్నీ వెలుగులోనూ, చిక్కదనంలోనూ ఉన్న తేడాలు. దిక్కు మాత్రం పెద్దగా మారదు. చర్మానికి రంగునిచ్చేవి ముఖ్యంగా రెండే కావడమే దీనికి కారణం: గోధుమ ఛాయనిచ్చే మెలనిన్, కింద పారే రక్తంలోని ఎర్రటి హీమోగ్లోబిన్. అందుకే వెక్టర్‌స్కోప్ మీద చర్మం కోసం ప్రత్యేకంగా ఒక గీత చూపించే ఏర్పాటు ఉంది. బాగా వెలుగు పడిన ముఖాన్ని చూస్తే చుక్కల గుంపు ఆ గీత పక్కనే సాగి కనిపిస్తుంది.

ఇప్పుడు బీరువాలోని చీరల్ని ఈ గడియారం మీద పెట్టి చూడవచ్చు. నెమలి నీలం, ఆకుపచ్చ చర్మానికి చాలా దూరంలో ఉన్నాయి. వీటిని పట్టుకోవడం తేలిక. రాణి రంగు కొంచెం దగ్గరికొచ్చింది. ఎరుపు పక్కింట్లోనే ఉంది. కాషాయం, ఇటుక రంగు, తేనె రంగు, బంగారు జరీ అయితే చర్మం ఉన్న చోటే ఉన్నాయి. తెలుగు పెళ్లిలో ముఖ్యమైన రంగులు, అంటే పసుపు, కుంకుమ, ఎర్రంచు మధుపర్కాలు, బంగారం, అన్నీ ఈ ఇరుకులోనే చేరడం కలరిస్టులకు నిజమైన కష్టం.

మన చిలకపచ్చ చీర ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఉంటుంది. చర్మానికి మూడు గంటల ఎడం. పని కుదురుతుంది.

ముందుగా ప్రైమరీ పూర్తిచేస్తారు. తెల్ల పంచె తెల్లగా కనిపించేలా వైట్ బ్యాలెన్స్ సరిచేస్తారు. ఇది ముందే ఎందుకంటే, షాట్ మొత్తం పసుపు తిరిగి ఉంటే చీర, చర్మం రెండూ తమ అసలు చోట్ల నుంచి జరిగి ఒకదానికొకటి దగ్గరవుతాయి. తర్వాత కొత్త నోడ్ తెరుస్తారు. నోడ్ అంటే ఒక్కో మార్పును విడిగా ఉంచుకునే గడి. అందులో Qualifier తీసుకుని దాని డ్రాపర్‌తో చీర మీద మామూలు వెలుగున్న చోట ఒక గీత గీస్తారు. ఆ గీత కింద ఉన్న రంగు, చిక్కదనం, వెలుగు ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయో సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి, ఫ్రేములో ఆ మూడు హద్దుల్లోనూ పడే బిందువులన్నిటినీ ఎంచుకుంటుంది. దీన్నే కీ తీయడం అంటారు.

మొదటిసారి తీసిన కీ చూస్తే నిరాశ కలుగుతుంది. Highlight నొక్కి నలుపు తెలుపులో చూసినప్పుడు, ఎంచుకున్న భాగం తెల్లగా, మిగతాది నల్లగా రావాలి. చీర కుచ్చిళ్ల మడతల్లో నీడ పడిన చోట్ల నల్ల చారలు ఉంటాయి. భుజం మీద లైటు పడి మెరిసిన చోట చిల్లులుంటాయి. వెనక అరటాకుల మీద తెల్ల మచ్చలు, చేతికున్న ఆకుపచ్చ గాజులు, ఎవరి పళ్లెంలోనో తమలపాకులు కూడా మెరుస్తుంటాయి.

మడతల సంగతి వెలుగు హద్దును కిందికి పెంచితే సగం తీరుతుంది. నీడలో బట్ట రంగు మారదు, వెలుగే తగ్గుతుంది. అందుకే అనుభవమున్నవాళ్లు రంగు హద్దును ఇరుగ్గా ఉంచి, వెలుగు హద్దును వెడల్పు చేస్తారు. కొత్తవాళ్లు చాలామంది దీన్ని తిరగేసి రంగు హద్దునే లాగుతూ పోతారు. మడతలు నిండే లోపే కీ పసుపులోకి, అక్కడి నుంచి చెంపల్లోకి పాకుతుంది. హద్దులు సరిచేశాక మిగిలిన చిన్న చిల్లుల్ని Clean White పూడుస్తుంది, బయటి మచ్చల్ని Clean Black తుడుస్తుంది. చివర Blur Radius కొద్దిగా పెంచితే అంచు మెత్తబడుతుంది. దీన్ని ఎక్కువ వాడితే రంగు చీర దాటి చేతి మీదికి పొగలా చిమ్ముతుంది. కాబట్టి అంచు గరుకుగా కనబడటం ఆగిన చోటే ఆపాలి.

అరటాకులు, తమలపాకులు ఇలా పోవు. అవీ ఆకుపచ్చే కదా. అక్కడ కావలసింది పవర్ విండో. నటి చుట్టూ వదులుగా ఒక ఆకారం గీసి, ఆ లోపలే కీ పనిచేయాలని చెబుతారు. మనిషి కదులుతుంది కాబట్టి ఆ ఆకారాన్ని ట్రాకర్‌కి అప్పగిస్తారు. అది ఫ్రేము వెంట ఫ్రేము చీర మీది గుర్తుల్ని చూసుకుంటూ ఆకారాన్ని వెంట తీసుకెళ్తుంది. కీ రంగును బట్టి వేరుచేస్తుంది, విండో చోటును బట్టి వేరుచేస్తుంది. నటి అక్షింతలు వేస్తూ చెయ్యి చీరకు అడ్డంగా తెచ్చినా ఇబ్బంది లేదు. చెయ్యి విండో లోపలే ఉన్నా దాని రంగు కీలో లేదు. గాజులు మాత్రం చీర పక్కనే, విండో లోపలే ఉంటాయి. అవి కూడా వంకాయ రంగులోకి వెళ్తాయి. చీరకు జోడుగా గాజులు వేసుకోవడం మామూలే కాబట్టి చాలాసార్లు వదిలేస్తారు. ముత్తయిదువ చేతికి పచ్చగాజులే ఉండాలని దర్శకుడు పట్టుబడితే చేతికి మరో చిన్న విండో పెట్టి, అక్కడ కీని తీసేయాల్సిందే.

కీ కుదిరాక రంగు తిప్పడం నిజానికి చిన్న పని. Hue మీట తిప్పితే చీర ఆకుపచ్చ నుంచి నీలం మీదుగా వంకాయ రంగు దాకా జరుగుతుంది. అక్కడ ఆగి చూస్తే మాత్రం అది చీరలా కనిపించదు, ట్యూబులైటు పెట్టినట్టు వెలుగుతుంటుంది. ఆకుపచ్చ సహజంగానే వెలుగు ఎక్కువున్న రంగు. హెచ్‌డీ వీడియో ప్రమాణంలో వెలుగు లెక్కగట్టేటప్పుడు ఆకుపచ్చకు దాదాపు 72 శాతం, ఎరుపుకు 21, నీలానికి 7 శాతం వాటా ఇస్తారు. వంకాయ రంగు పట్టుచీర అదే లైటు కింద ఉంటే ఎంతో ముదురుగా కనిపించేది. కాబట్టి రంగు తిప్పాక గామా తగ్గించి బట్టను ముదురు చేయాలి, చిక్కదనమూ కాస్త దించాలి. మెరుపులున్న చోట రంగు పలచబడి తెలుపు వైపు పోవాలి, ఎందుకంటే పట్టు మీది మెరుపు బట్టది కాదు, లైటుది. ఇవి చూసుకోకపోతే కీ ఎంత శుభ్రంగా ఉన్నా చూసేవాళ్లకు ఏదో అతికించినట్టు తోస్తుంది.

జరీ అంచు ఈ షాట్‌లో కలిసివచ్చింది. బంగారు రంగు ఆకుపచ్చ కీలో పడదు కాబట్టి అది బంగారంలాగే ఉండిపోయింది. చీర మారినా అంచు మారకపోవడంతో కొత్త రంగు నిజమైన నేతలా నమ్మిస్తుంది.

ఇంకొకటి మిగిలింది. శ్రద్ధలేని పని సాధారణంగా దొరికిపోయేది ఇక్కడే. చిలకపచ్చ చీర మీద పడ్డ లైటు తిరిగి ఆమె గెడ్డం కిందికి, మెడ మీదికి, మోచేతి లోపలి వైపుకి తగులుతుంది. అక్కడ చర్మం కొద్దిగా ఆకుపచ్చ తిరిగి ఉంటుంది. చీర ఆకుపచ్చగా ఉన్నంతసేపు అది మన కంటికి ఆనదు. చీర వంకాయ రంగులోకి మారగానే ఆ మెడ జబ్బుపడ్డట్టు కనిపిస్తుంది. చర్మాన్ని ముట్టుకోకుండా చీర మార్చాలని పట్టుకున్న నియమాన్ని ఇక్కడ సడలించక తప్పదు. మెడ, గెడ్డం కింద మెత్తటి అంచున్న విండో పెట్టి, ట్రాక్ చేసి, Hue Vs Hue వక్రంలో పసుపుపచ్చ వైపు జరిగిన చర్మాన్ని మళ్లీ పదకొండు వైపుకు కొంచెం లాగుతారు. అక్కడ వంకాయ ఛాయ కలపాలని కొందరికి అనిపిస్తుంది. ఆకుపచ్చ తీసేస్తే చాలు. మెరిసే నేల మీద, కంచు బిందె మీద, అద్దంలో చీర నీడ కనిపిస్తుంటే వాటికీ ఇదే పని. అదే సన్నివేశంలో మరొకరి ముఖం చూపించే షాట్‌లో ఫ్రేము మూలన ఈ చీర భుజం మాత్రమే కనిపించినా, అక్కడా మార్చాలి.

ఫలితం సరిగా ఉందో లేదో కంటితో మాత్రమే తేల్చరు. మార్పుకు ముందు ఒక స్టిల్ పట్టి ఉంచుకుని, మార్పు తర్వాతి చిత్రంతో తెరను సగం సగం పంచి గీతను అటూ ఇటూ జరుపుతారు. గీత ముఖం మీదుగా వెళ్లేటప్పుడు ఏమీ మారకూడదు. వెక్టర్‌స్కోప్‌లోనూ చీర గుంపు మాత్రమే ఎగిరి కొత్త చోట వాలాలి, చర్మం గీత దగ్గరి గుంపు కదలకూడదు. ఆ తర్వాత షాట్‌ను ఆడించి చూస్తారు. ఆపిన ఫ్రేములో బాగున్న కీ, ఆడుతున్నప్పుడు అంచుల్లో చీమలు పారినట్టు మినుకుమనవచ్చు.

ఆ మినుకుమనడానికి తరచూ కెమెరాయే కారణం. చాలా ఫోన్లు, మామూలు కెమెరాలు వెలుగును పూర్తిగా రాసుకుని, రంగును తగ్గించి రాస్తాయి. 4:2:0 అని రాసేది దీన్నే. 1920×1080 చిత్రంలో వెలుగుకు అన్ని బిందువులూ ఉంటే, రంగుకు 960×540 మాత్రమే ఉంటాయి. మామూలుగా చూసేటప్పుడు కంటికి తేడా తెలియదు. కీ మాత్రం రంగును చూసే అంచు కోస్తుంది కాబట్టి ఆ అంచు మెట్లు మెట్లుగా వస్తుంది. 4:2:2లో, 10 బిట్‌లో తీసిన ఫుటేజ్ అయితే ఇదే పని ఎంతో సాఫీగా సాగుతుంది.

ఆకుపచ్చ దూరంగా ఉండటం ఎంత మేలో చూపించే పెద్ద ఉదాహరణ హాలీవుడ్‌లో ఉంది. 2000లో వచ్చిన 'ఓ బ్రదర్, వేర్ ఆర్ట్ దౌ?' కథ 1930ల కరువు కాలంలో, ఎండి దుమ్మురేగే నేల మీద జరుగుతుంది. షూటింగ్ మాత్రం మిసిసిపీలో, చెట్లూ పొలాలూ నిండు పచ్చగా ఉన్న వేసవిలో జరిగింది. ఛాయాగ్రాహకుడు రోజర్ డీకిన్స్ ల్యాబులో రసాయన పద్ధతులు ప్రయత్నించి, అవి చాలక సినిమా మొత్తాన్ని స్కాన్ చేయించి, ఆకుపచ్చను ఎండుగడ్డి పసుపులోకి దింపించారు. మొత్తంగా కంప్యూటర్‌లో రంగులు దిద్దిన తొలి సినిమాల్లో అదొకటి. ఆకుల రంగు ముఖాలకు దూరంలో ఉండటం వల్లే చెట్లు ఎండినా మనుషులు మనుషుల్లాగే ఉన్నారు.

గోడకు వస్తే లెక్క వేరుగా ఉంటుంది. గోడ కదలదు, మడతలు పడదు. కెమెరా కూడా స్టాండు మీదే ఉంటే ట్రాకింగే అక్కర్లేదు. అయితే మన ఇళ్ల గోడల రంగులు చాలావరకు పలచన. సున్నంలో నీలిమందు కలిపిన లేత నీలం గోడ వెక్టర్‌స్కోప్‌లో నడిమధ్యకు ఆనుకుని ఉంటుంది. నల్లజుట్టు, తెల్లచొక్కా, కంటి తెలుపు అన్నీ అక్కడే ఉంటాయి. దిక్కు దూరమే అయినా చిక్కదనం లేదు కాబట్టి కీ తడబడుతుంది, జుట్టు మీది నీలి మెరుపును గోడ అనుకుంటుంది. అలాంటప్పుడు మనిషి తలచుట్టూ విండో గీసి, లోపల కీని గట్టిగా, బయట వదులుగా వాడతారు. ఎగిరే వెంట్రుకల దగ్గర పాత గోడ రంగు సన్నటి అంచులా మిగిలిపోతుంది. లేత నీలాన్ని లేత ఆకుపచ్చ చేస్తే అది కనిపించదు. ఇటుక రంగు చేస్తే తల చుట్టూ నీలి గీత గీసినట్టు ఉంటుంది. గోడ మూలల్లో వెలుగు మెల్లగా తగ్గే చోట 8 బిట్ ఫుటేజ్‌లో రంగు బాగా పెంచితే పట్టీలు పట్టీలుగా విడిపోతుంది.

ఎంత దూరం మారుస్తున్నామన్నది నిజంగా పెద్ద విషయం. కీలో పొరపాట్లు ఎప్పుడూ కొన్ని ఉంటాయి. పాత రంగుకీ కొత్త రంగుకీ తేడా తక్కువైతే ఆ పొరపాట్లు కంటికి దొరకవు.

అందుకే కష్టమైన కేసులో మొదటి బేరం ఇక్కడే నడుస్తుంది. మంగళస్నానాల షాట్ ఉందనుకుందాం. పెళ్లికూతురిది పసుపు చీర, ముఖానికీ చేతులకూ పసుపు. చీర, చర్మం గడియారంలో ఒకే గంట దగ్గర ఉన్నాయి. ఇక రంగును బట్టి వేరుచేయలేరు, చిక్కదనాన్ని బట్టి ప్రయత్నించాలి. బట్ట పసుపు చర్మం మీది పసుపు కన్నా చిక్కగా ఉంటే, చిక్కదనం కింది హద్దును పెంచుతూ పోతే ముఖం మెల్లగా కీలోంచి జారిపోతుంది. దానితోపాటు చీర నీడల్లో కొంత పోతుంది. పూర్తిగా విడదీయడానికి ముఖానికి, ఒక్కో చేతికి వేరువేరు విండోలు గీసి, ట్రాక్ చేసి, లేయర్ మిక్సర్‌లో మార్పులేని చర్మాన్ని మారిన చిత్రం పైన పరుస్తారు. చేతులు చీర మీద కదిలే ప్రతిచోటా విండోను చేత్తో సరిదిద్దాలి. ఆవపసుపు చీరను నిమ్మపండు రంగు చేయమంటే ఈ దారిలో చక్కగా వస్తుంది. నీలం చేయమంటే మెడ మీద పైట అంచు ప్రతి ఫ్రేములోనూ పట్టిస్తుంది. అది ఇక వీఎఫ్ఎక్స్ వాళ్లు ఫ్రేము ఫ్రేముకీ గీత గీసి చేయాల్సిన పని.

తెల్లచీరది ఇంకో రకం ఇబ్బంది. తెలుపుకు దిక్కే లేదు, తిప్పడానికి రంగు లేదు. వెలుగును బట్టి పట్టుకుంటే మల్లెపూలు, పళ్లు, కళ్లు, నుదుటి మీది మెరుపు అన్నీ వస్తాయి. 1957 నాటి 'మాయాబజార్' 2010లో రంగుల్లో విడుదలైనప్పుడు జరిగింది కూడా ఈ సెకండరీ కరెక్షన్ కాదు. నలుపు తెలుపు చిత్రంలో కీ పట్టుకోవడానికి రంగే లేదు, ముఖాన్నీ చీరనూ నగనూ విడివిడిగా గుర్తించి కొత్తగా రంగు వేయాలి.

నేతలోనే రెండు రంగులున్న చీరలు సాఫ్ట్‌వేర్‌ను మరోలా పరీక్షిస్తాయి. నెమలికంఠం రంగు పట్టులో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. మనిషి తిరిగినప్పుడల్లా ఒకే మడత నీలంగా ఒకసారి, ఆకుపచ్చగా ఒకసారి కనిపిస్తుంది. ఒక్క కీ చాలదు. రెండు కీలు తీసి కలపాలి. రెండింటినీ ఒకే రంగులోకి తిప్పితే ఆ చీర అందమే చచ్చిపోతుంది, మామూలు సాటిన్ గుడ్డలా మిగులుతుంది. రెండు రంగుల మధ్య ఎడాన్ని అలాగే ఉంచి జంటగా తిప్పితేనే కొత్త రంగులోనూ ఆ మెరుపు నిలుస్తుంది. నేతను ఇష్టపడే కలరిస్టు ఈ తేడా కోసం మరో పూట ఎక్కువ కూర్చుంటాడు.

రంగు మారవచ్చని ముందే అనుమానం ఉన్న ప్రకటన చిత్రాల్లో, ఒకే చీరను పది రంగుల్లో చూపించాల్సినప్పుడు, ఈ కష్టాన్ని షూటింగ్ రోజే తగ్గించుకుంటారు. చీరను ముదురు కాని ఆకుపచ్చలోనో నీలంలోనో ఎంచుకుంటారు. రవికె కూడా చీరతోపాటు మారాలా వద్దా అన్నది అప్పుడే తేల్చుకుని, మారకూడదంటే చర్మానికీ చీరకీ రెంటికీ దూరంగా ఉండే రంగులో కుట్టిస్తారు. వెనక గోడకు, పూలకు చీర రంగు తగలకుండా చూస్తారు. నటిని గోడకు కొన్ని అడుగులు ముందు నిలబెడతారు, గోడ రంగు చెంప మీద పడకుండా. చీర మీద పడే లైటును మెత్తగా చేస్తారు, మెరుపులు తెల్లగా పేలిపోతే అక్కడ తిప్పడానికి రంగే మిగలదు కాబట్టి. చివరగా, చీర లేకుండా ఖాళీ గోడను అదే లైటులో కొన్ని సెకన్లు తీసి ఉంచుతారు. గోడ అసలు రంగు ఎక్కడెక్కడ ఎలా తగ్గుతుందో కలరిస్టు ఆ ముక్కను చూసి హద్దులు పెట్టుకుంటాడు.